తారీఖు రాయని బోర్డు

వెంకటేశం చేత ఏ బోర్డయినా రాయించుకోవచ్చు, తారీఖు మాత్రం రాయించుకోలేరు. పెళ్లిపందిరి బ్యానరు కానివ్వండి, నుమాయిష్‌లో స్టాలు బోర్డు కానివ్వండి, తారీఖు రావలసిన చోట బెత్తెడు జాగా ఖాళీగా వదిలేసి, సుద్దముక్క గిరాకీ చేతిలో పెట్టేవాడు. "మీరే రాయుండ్రి. దాని మీద నేను రంగు దిద్దుత" అనేవాడు. కొత్తవాళ్లు వింతగా చూసేవాళ్లు. పాతవాళ్లు మాట్లాడకుండా రాసిచ్చేవాళ్లు. పెయింటరు చాదస్తం అనుకునేవాళ్లే తప్ప ఎందుకని అడిగినవాడు లేడు. అడిగితే చెప్పేవాడూ కాదనుకోండి.

ఇప్పుడాయనకు అరవై మూడు. అబిడ్స్ పోస్టాఫీసు వెనక సందులో రెండు కంప్యూటర్లున్న చిన్న దుకాణం. పేరుకు డీటీపీ సెంటరు గానీ, గోడకు ఇంకా పాత బ్రష్షులు వేలాడుతుంటాయి. ఉడుత వెంట్రుకల బ్రష్షు, గీతలు కొట్టడానికి నీలం పొడి పూసిన దారం, అంచులు సొట్టపడిన రంగు డబ్బాలు. ఫ్లెక్సులు వచ్చి చేతిరాతను మింగేసిన ఏడాది, నాంపల్లి స్టేషను రోడ్డులో పదిమంది పెయింటర్లు ఉండేవాళ్లు. ఒకడు ఆటో పట్టాడు, ఒకడు సెలూను పెట్టాడు, మిగిలినవాళ్లు ఏమయ్యారో దేవుడికెరుక. వెంకటేశం మాత్రం మాటను పట్టుకుని బతికాడు. రాయడానికి చేయి అక్కర్లేని రోజుల్లో కూడా ఏం రాయాలో చెప్పేవాడు ఒకడు కావాలి కదా. గన్‌ఫౌండ్రీ నుంచి హిమాయత్‌నగర్ దాకా చీరల కొట్లకు, కళ్లద్దాల షాపులకు తెలుగులో నాలుగు మంచి మాటలు కావాలంటే ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

టర్పెంటైను వాసన అంటే ఆయనకు ఇప్పటికీ ప్రాణం. ఎప్పుడైనా మూత తీసి వాసన చూసుకుంటాడు. చూసుకోగానే జనవరి చలి గుర్తొస్తుంది. నుమాయిష్ మొదలయ్యే ముందు రోజులు, ఎగ్జిబిషన్ మైదానంలో నిచ్చెన మీద తను, కింద నిచ్చెన పట్టుకుని దుర్గయ్య. దుర్గయ్య పెయింటరు కాదు, నాంపల్లిలో ఒక చిన్న దవాఖానలో కాంపౌండరు. డ్యూటీ అయిపోగానే వచ్చి, ఊరికే నిచ్చెన పట్టుకుని నిలబడేవాడు. "అరె వెంకటేశం, 'ళ'కు ఆ తోక ఏందిరా, పాము లెక్కుంది" అని కిందినుంచి పరాచికాలాడేవాడు. పని కాగానే ఇద్దరూ ఇరానీ హోటల్లో ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోయించుకుని తాగేవాళ్లు. ఆ చాయ్ రుచి మళ్లీ ఏ హోటల్లోనూ రాలేదంటాడు వెంకటేశం. చాయ్ మారిందో మనిషి లేడో మనకు తెలుసు, ఆయనకూ తెలుసు.

మొన్న ఆషాఢంలో ఆయన దుకాణానికి మృదుల అనే అమ్మాయి వచ్చింది. గన్‌ఫౌండ్రీలో ఆఫీసున్న ఒక బిల్డరు దగ్గర పబ్లిసిటీ పని చూస్తుంది. నాంపల్లిలో పాత బంగళా ఒకటి తీసేసి తొమ్మిది అంతస్తుల అపార్ట్‌మెంటు కడుతున్నారు. పేరు మల్లెతీగ రెసిడెన్సీ. ఫేస్‌బుక్కులో, ఇన్‌స్టాలో పెట్టడానికి ఏడెనిమిది బొమ్మలున్నాయి, ఒక్కో బొమ్మ కింద తెలుగులో రెండు మూడు వాక్యాలు కావాలి.

"ఇంగ్లిష్‌ది ఏజెన్సీ వాళ్లు రాసిన్రు అంకుల్. దాన్ని తెలుగు చేస్తే చాలు" అంది.

వెంకటేశం కళ్లజోడు సర్దుకుని చదివాడు. మెట్రోకు రెండే నిమిషాలు. డాబా మీద ఈతకొలను. పచ్చని తోటల మధ్య జీవనం. ఇరవై నాలుగు గంటలూ మంజీరా నల్లా నీళ్లు. చివరి బొమ్మ కింద, వచ్చే ఏడు దీపావళి మీ సొంతింట్లోనే. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే ఇదే. ఆయన కాగితం బల్ల మీద పెట్టేశాడు.

"నేను చూడందే రాయను బిడ్డా. రేపు సైటుకు పోదాం. గవర్నమెంటుకు ఇచ్చిన ప్లాను, బిల్డర్లను చూసే రెరా ఆఫీసుల పెట్టిన కాగితాలు తీస్కరా."

మృదుల చురుకైన పిల్ల. ఆ మాటకు ముఖం ముడుచుకోకపోగా తేలికపడ్డట్టు ఊపిరి వదిలింది. ఆ ఇంగ్లిష్ వాక్యాలు తనకూ గొంతులో ముల్లులాగే ఉన్నాయని తర్వాత చెప్పింది.

ఆ సాయంత్రమే దుకాణం మెట్ల మీద శంకరమ్మ కూర్చుని ఉంది. దుర్గయ్య భార్య. దుర్గయ్య పోయి పదమూడేళ్లు. పక్కన కొడుకు ఎల్లేష్, గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో గుమస్తా. వాళ్లున్న ఒంటిగది ఇంటిని ఓనరు కూలగొట్టి కడతాడట. వచ్చే ఏడు దీపావళి దాకా ఉండండి, తర్వాత ఖాళీ చేయండి అన్నాడట.

"కాకా, మల్లెతీగల ఒక చిన్న ఫ్లాటు చూసినం" అన్నాడు ఎల్లేష్. "ఆడ సేల్స్ పిలగాడు దీపావళికి తాళాలిస్తం అన్నడు. సరిగ్గ కుదిరింది. నడుమల ఇంకో కిరాయిల్లు ఎత్కునే పనుండదు."

"మల్లెతీగోళ్లకు తెలుగు నువ్వే రాస్తున్నవంట గదన్నా, ఆ పిలగాడే చెప్పిండు" అంది శంకరమ్మ. "నువ్వు రాస్తివంటే మాకు ఫికరు లేదు. నువ్వు దీపావళి అని రాస్తే దీపావళే."

ఆమె ఎత్తిపొడుపుగా అన్నా వెంకటేశానికి బాగుండేది. నిజంగానే నమ్మి అంది. "రాసినంక చదువు చెల్లె. అప్పటిదంక సంతకం పెట్టకుండ్రి" అని మాత్రం అనగలిగాడు.

ఆయన ఎందుకంత జంకాడో చెప్పాలి మరి. ఇరవై నాలుగేళ్ల కిందటి మాట. ఊరవతల అపార్ట్‌మెంటు కడతానంటూ ఒక బిల్డరు వచ్చి రేకు బోర్డు రాయమన్నాడు. ఇంటిబొమ్మ, పేరు, ఫోను నంబరు. కింద "త్వరలో గృహప్రవేశం". అంతే చెప్పాడు. వెంకటేశం రాశాడు. రాశాక చూస్తే "త్వరలో" ముందు బెత్తెడు జాగా మిగిలింది. బోర్డు పెయింటరుకు మిగిలిన జాగా అంటే పంటి కింద రాయి. చిన్న మాట పెద్ద జాగాలో కుదురుకోలేదు. అప్పట్లో మంచి వయసు, చేతిరాత మీద పొగరు. "త్వరలో" తుడిచేసి, ఎర్రరంగులో నీడలేసి, బోర్డు నిండుగా "వచ్చే దసరాకే గృహప్రవేశం" అని రాసి పారేశాడు. దసరా అనే మాట బిల్డరు అననే లేదు. అది పూర్తిగా వెంకటేశం సొంత కవిత్వం. సాయంత్రం బిల్డరు వచ్చి చూసి, నవ్వి, భుజం తట్టి తీసుకుపోయాడు. అబద్ధం ఊరికే వస్తే ఎవడు కాదంటాడు.

ఆ బోర్డు చూసి దుర్గయ్య ఫ్లాటు బుక్ చేశాడు. "మావోడు రాసిన బోర్డు, అబద్ధమెట్లయితది" అని దవాఖాన అంతా చెప్పుకున్నాడు. దసరా దాకానే కదా అని రెండు గదుల ఇల్లు వదిలేసి, పెళ్లాన్ని, పసివాణ్ని తీసుకుని ఒంటిగదిలోకి మారాడు. దసరా వచ్చింది. స్తంభాలు మాత్రమే లేచాయి. ఇంకో దసరా వచ్చేసరికి బిల్డరు పత్తా లేడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని సామెత ఊరికే పుట్టలేదు. పదకొండేళ్లు ఆ ఒంటిగదిలోనే ఉండి, ఆ గదిలోనే కన్నుమూశాడు దుర్గయ్య. ఆ పదకొండేళ్లలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వెంకటేశాన్ని పల్లెత్తు మాట అనలేదు. దసరా సంగతి బిల్డరు చెప్పలేదని, తనే కల్పించాడని వెంకటేశం ఎన్నిసార్లో చెప్పబోయాడు. చెప్పలేకపోయాడు. చాయ్ మాత్రం తాగేవాళ్లు, ఒకటే చాయ్ రెండు కప్పుల్లో.

తారీఖు రాయనన్న పట్టు అప్పటినుంచే.

మర్నాడు సైటుకు వెళ్లారు. వెంకటేశం ముందు నాంపల్లి మెట్రో మెట్ల దగ్గర నిలబడి, గడియారం చూసుకుని నడక మొదలుపెట్టాడు. మృదుల వెనకాలే వచ్చింది. బండ్లు దాటుకుని, సామాన్ల రిక్షాలు తప్పించుకుని గేటు చేరేసరికి పదకొండు నిమిషాలైంది. "నేను స్పీడుగ నడుస్తే ఎనిమిది అంకుల్" అంది మృదుల. "కొనేటోళ్లంత నీ వయసోళ్లు గారు బిడ్డా" అన్నాడు.

లోపల నాలుగో స్లాబు పడింది, ఐదోదానికి సెంట్రింగు కడుతున్నారు. మంజూరైన ప్లాను పరిచి చూశారు. డాబా మీద వాటర్ ట్యాంకులు, సోలారు పలకలు ఉన్నాయి గానీ ఈతకొలను జాడ లేదు. బొమ్మ గీసినవాడు వేరే ప్రాజెక్టుది తెచ్చి అతికించాడని మృదుల ఫోను చేసి కనుక్కుంది. జిమ్ ఉంది, మొదటి అంతస్తులో ఒక గది. తోట అన్నది చుట్టూ వదిలిన నాలుగడుగుల జాగా. కాకపోతే మూలన పాత బంగళా నాటి వేపచెట్టు ఒకటి నిలబడి ఉంది. దాన్ని కొట్టబుద్ధిగాక బిల్డరే గోడను పక్కకు జరిపించాడని వాచ్‌మన్ చెప్పాడు. ఆ మాట వినగానే వెంకటేశానికి ఆ బిల్డరు మీద సగం కోపం పోయింది.

ఇక తారీఖు. రెరా వెబ్‌సైటులో ప్రాజెక్టు పేరు కొట్టి చూస్తే, పూర్తిచేసే తేదీ 2028 మార్చి 31 అని ఉంది.

"ఐదు నెలలు తేడా అంకుల్" అంది మృదుల. "నేను మొన్ననే మా సార్‌కు చెప్పిన. ప్రకటనల రెరా నంబరు ఉండాలె, చెప్పింది చెప్పినట్టు ఇయ్యాలె. లేకుంటే దాన్ని నమ్మి కొన్నోళ్లు కేసేస్తే నష్టం కట్టియ్యాలె. మున్సిపాలిటోళ్ల ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాకుండ తాళాలు ఇయ్యొద్దు గూడ. సార్ వింటలేడు. పండుగ పేరుంటే మంచిగుంటదంటడు."

పండుగ పేరు. వెంకటేశం ప్లాను కాగితం చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

రెండు రోజులు కూర్చుని రాశాడు. మూడోరోజు గన్‌ఫౌండ్రీ ఆఫీసులో బిల్డరు పవన్‌కుమార్ ఎదుట ఒక్కొక్కటీ చదివాడు. పవన్‌కుమార్‌కు నలభై ఉంటాయి. చెడ్డవాడేం కాదు, తొందర మనిషి. వెంకటేశం గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"నాలుగో స్లాబు పడింది. ఇంకా ఐదు పడాలి. ఈ ఫొటో పోయిన మంగళవారం తీసింది, గీసింది కాదు."

"నాంపల్లి మెట్రోకు నడక పదకొండు నిమిషాలు. అరవై మూడేళ్ల మనిషి నడిచి చూసి చెప్పిన మాట."

"తోట అనేంత జాగా లేదు. ఒక వేపచెట్టు ఉంది. దానికోసం గోడనే జరిపాం."

"జిమ్ చిన్నది. ఆరుగురు ఒకేసారి పడతారు. ఈతకొలను లేదు."

"బోరు ఉంది. మంజీరా నీళ్లకు దరఖాస్తు పెట్టాం, ఇంకా మంజూరు కాలేదు. వచ్చిన రోజు ఇక్కడే చెబుతాం."

"చిన్న ఫ్లాటు కార్పెట్ ఏరియా ఆరువందల నలభై అడుగులు. బాల్కనీ, మెట్లు, లిఫ్టు ఇందులో కలపలేదు. మీ ఇంట్లో మీరు ఊడ్చుకునే జాగా ఇది."

పవన్‌కుమార్ తల పట్టుకున్నాడు. "ఏంది అంకుల్ ఇది! అమ్మనీకి రాయమంటే, కొనొద్దని రాసినట్టుంది. పక్క ప్రాజెక్టోడు బొమ్మల హంసలు ఈదిస్తుండు. నేనేమో ఈతకొలను లేదని డప్పు కొట్టుకోవాల్నా?"

"లేదని తెలిసి కొన్నోడు మళ్ల వచ్చి కొట్లాడడు సార్. ఉందని కొన్నోడే వచ్చి కూసుంటడు" అన్నాడు వెంకటేశం.

"సరే, వేపచెట్టుది మంచిగుంది. ఊడ్చుకునుడు గూడ బాగుంది. మరి దీపావళి ఏది?"

వెంకటేశం చివరి కాగితం ముందుకు జరిపాడు. "మీ ఇంటి తాళాలు ఇచ్చే చివరి తేదీ" అని ఉంది. తర్వాత బెత్తెడు ఖాళీ. దాని కింద, "ఇది రెరాలో మేము రాసిచ్చిన తేదీ. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చేతికొచ్చాకే తాళాలు ఇస్తాం." ఆయన జేబులోంచి ఒక సుద్దముక్క తీసి, ఇది కాగితం కదా అని గుర్తొచ్చి, మళ్లీ జేబులో వేసుకుని పెన్ను ఇచ్చాడు.

"తారీఖు నేను రాయ సార్. మీరే రాయుండ్రి. దీపావళి అంటే దీపావళే. మీ చేతితోటి రాసియ్యుండ్రి, అట్లనే వేస్తం."

"గింతేనా" అని నవ్వుతూ పెన్ను అందుకున్నాడు పవన్‌కుమార్. కాగితం మీద పెన్ను ఆనించాడు. ఆనించినవాడు రాయలేదు. నోటితో వందసార్లు అన్న మాటే, చేత్తో రాయాలంటే కదల్లేదు. ఫోను తీసి సైటు ఇంజనీరుకు కలిపాడు. "రెడ్డిగారూ, నిజం చెప్పుండ్రి. వచ్చే ఏడు దీపావళికి అయితదా?" అన్నాడు. స్పీకర్లో జవాబు అందరికీ వినబడింది. "స్లాబులైతయి సార్. లిఫ్టు, ఫైరోళ్ల ఎన్‌ఓసీ, ఆ సర్టిఫికెట్టు... దీపావళికి తాళాలంటే కష్టం. మార్చి అంటే నాది పూచీ."

పవన్‌కుమార్ ఫోను పెట్టేశాడు.

"ఒక బోర్డు మీద దసరా అని రాసిన సార్, వయసు పొగరుల" అన్నాడు వెంకటేశం. "బిల్డరు రాయమనలే. జాగా మిగిలిందని నేనే రాసిన. మా దోస్తు అది చూసి ఇల్లు ఖాళీ చేసిండు. సొంతిల్లు సూడకుండనే పోయిండు. ఈ ముచ్చట ఇంతవరకు ఎవ్వరికి చెప్పలే. మీకే చెప్తున్న." మృదుల మంచినీళ్ల గ్లాసు ఆయన ముందుకు జరిపింది.

పవన్‌కుమార్ వంగి, చిన్నపిల్లవాడు కాపీ రాసినట్టు పొందికగా, 31 మార్చి 2028 అని రాశాడు. రాసి, కాసేపు దాన్నే చూసుకున్నాడు. "ఇగ సచ్చినట్టు అయ్యేదాక చెయ్యాలె" అని నవ్వాడు. "సేల్స్‌ల గూడ దీపావళి అనొద్దని చెప్పు మృదులా. ఆ హంసలోడు హంసలు అమ్ముకోనీ."

ఆదివారం నాడు ఆ వాక్యాలు ఫోన్లలోకి వచ్చాయి. వెంకటేశం ఆ పూట అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతపుస్తకాలు తిరగేయలేదు. నేరుగా నాంపల్లి సందులోకి, శంకరమ్మ ఇంటికి పోయాడు. ఎన్నో ఏళ్లుగా పండగలకూ పబ్బాలకూ గుమ్మం దాకా వచ్చి వెళ్లడమే గానీ, ఆయన ఆ ఇంటి లోపలికి రాలేదు. దోస్తు లేని ఇంట్లో కూర్చోవడానికి ముఖం చెల్లేది కాదు.

ఎల్లేష్ అప్పటికే తల్లికి అన్నీ చదివి వినిపించాడు. కొంచెం చిన్నబుచ్చుకుని ఉన్నాడు. "మార్చంట కాకా. దీపావళికి ఇల్లు ఖాళీ చేసి, ఐదు నెల్లు యాడుండాలె?"

"కాచిగూడల నాకు తెలిసినోళ్లది పైపోర్షన్ ఉంది, నేను మాట్లాడుత" అన్నాడు వెంకటేశం. తర్వాత శంకరమ్మ వైపు తిరిగాడు. ఇక ఆపితే ఎప్పటికీ చెప్పలేనని తెలుసు. "చెల్లె, ఆ దసరా మాట బిల్డరుది గాదు. నాది. జాగా మిగిలిందని రాసిన."

శంకరమ్మ చేటలో బియ్యం ఏరుతూ ఉంది. చేయి ఆగలేదు. "ఎరుకన్నా" అంది. "ఆయనకు గూడ ఎరుకే. మొదటి దసరా దాటినంక బిల్డరు తాన పోయి అడిగిండంట. 'నేను దసరా అనలే, మీ పెయింటరే రాసిండు' అన్నడంట ఆ బట్టెబాజి. ఇంటికొచ్చి చెప్పిండు. 'వెంకటేశంకు చెప్పకు, బ్రష్షు ఇడిసిపెడ్తడు' అన్నడు."

వెంకటేశం గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయాడు. పదకొండేళ్లు ఆ చాయ్ తాగింది అన్నీ తెలిసిన మనిషితోనా! ముసలికళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

శంకరమ్మ చేట పక్కన పెట్టి లేచింది. పెరట్లో నీళ్ల డ్రమ్ము మీద ఎండ పడకుండా ఒక రేకు కప్పి ఉంది. ఆమె, ఎల్లేష్ కలిసి దాన్ని దింపారు. తుప్పుపట్టిన ఇంటిబొమ్మ, కింద ఎర్రటి నీడల అక్షరాలు. బిల్డరు పారిపోయాక దుర్గయ్య సైటు నుంచి సైకిల్ మీద కట్టుకొచ్చాడట. ఇల్లు రాకపోయినా మావోడి రాతన్నా వచ్చిందని నవ్వేవాడట.

ఆమె రేకును బోర్లా తిప్పింది. వెనకవైపు ఖాళీగా, ఇంకా గట్టిగా ఉంది.

"ఈడ రాయన్నా. కొత్తింటికి పెడ్దం. దుర్గయ్య ఇల్లు అని రాయి."

వెంకటేశం జేబులోంచి సుద్దముక్క తీశాడు. గీత వంకర పోలేదు. దుర్గయ్య ఇల్లు. 'ళ' తోక పాము లెక్కుందని ఆటపట్టించేవాడు లేకపోయినా, 'ల్లు' తోకను జాగ్రత్తగా దిద్దాడు. కింద బెత్తెడు జాగా మిగిలింది. అలవాటు కొద్దీ సుద్దముక్క శంకరమ్మకు అందించాడు. గృహప్రవేశం తారీఖు ఆమే రాయాలి కదా మరి.

ఆమె సుద్దముక్క తీసుకోలేదు.

"ఇప్పుడొద్దన్నా" అంది. "కాలు లోపట పెట్టినంక రాద్దాం. అప్పటిదంక ఆ జాగా గట్లనే ఉండనీ."